బోనస్ ఇనాం కాదు, మా పదమూడో నెల కూలి

బోనస్ ఇచ్చామని చెప్పుకునే యజమానులారా, ఎంత ఇచ్చారు? ఏ లెక్కన ఇచ్చారు? ఆ లెక్క కాయితం మీద రాసి మా చేతికి ఎందుకు ఇవ్వరు?

ఈ మూడు ప్రశ్నలే ఈసారి మేం అడగదలచుకున్నాం. అన్నలారా, అక్కలారా, మన వాడల నుంచి పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని ఆటోలెక్కి కంపెనీలకు, గోదాములకు, పెద్ద దుకాణాలకు పోయే మనవాళ్ళు ఇవాళ వందల్లో ఉన్నారు. మూటలు మోసేది, సీసాలు కడిగేది, కక్కుసులు ఊడ్చేది, రాత్రిపూట గేటు కాసేది ఎక్కువగా మనమే. దీపావళికి మన చేతికి ఒక కవరు, ఒక మిఠాయి పొట్లం, అయ్యగారికి మనసుంటే ఒక స్టీలు గిన్నె వస్తాయి. ఫొటో తీయించుకుంటారు. మనం దణ్ణం పెట్టి వస్తాం.

ఈ దణ్ణం మనకు కొత్తది కాదు. మన తాతలు కళ్ళం దగ్గర నిలబడి, దొర కొలిచి పోసిన గింజలు కొంగుపట్టి తెచ్చుకున్నారు. ఏడాది పొడుగునా చెప్పులు కుట్టి, డప్పు కొట్టి, గొడ్డు చస్తే మోసినందుకు పండక్కి ఒక పాత పంచె ఇచ్చేవాళ్ళు. చేసిన పనికి రావలసిన దాన్నే దొర దయగా చూపించి ఇచ్చేవాడు. కొలపాత్ర దొరది, కొలిచే చెయ్యి దొరది. ఎంత రావాలో మనకు తెలియదు కాబట్టి ఎంత తగ్గించాడో కూడా తెలియదు. ఇప్పుడు కళ్ళం పోయి కంపెనీ వచ్చింది. కొలపాత్ర మాత్రం ఆయన చేతిలోనే ఉంది. దాన్ని మన చేతికి తెచ్చుకోవడమెలాగో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

దయ కాదు, చట్టం

ముందు ఒక మాట తేల్చుకుందాం. బోనస్ ఎవడి దయా కాదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1917లో, బొంబాయి, అహ్మదాబాదు బట్టల మిల్లుల యజమానులు యుద్ధం బోనస్ పేరుతో జీతం మీద కొంత అదనం ఇచ్చారు. ధరలు మండిపోతుంటే కూలీలు నిలబడాలి గదా. తర్వాత ఇవ్వం పొమ్మన్నారు. 1924లో బొంబాయి మిల్లు కూలీలు దానికోసం సమ్మె కట్టారు. అప్పుడు వేసిన కమిటీ, కూలీలకు బోనస్ మీద హక్కు లేదని తేల్చింది. అంటే అది ఇనామే అన్నారు. ఇనాం కాదు, హక్కే అని ఒప్పించడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. అందులో కనీస బోనస్ 4 శాతం. 1970లలో అది 8.33కు పెరిగింది. ఎమర్జెన్సీలో తగ్గించారు, 1977లో మళ్ళీ 8.33 అయింది.

ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. పుస్తకం మారింది గానీ లెక్క ప్రాణం మారలేదు. పాత చట్టంలో 8.33 అని ఉన్నదాన్ని కోడ్ 26వ సెక్షన్‌లో ఎనిమిదీ మూడోవంతు శాతం అని రాశారు. కంపెనీకి లాభం వచ్చినా, నష్టం వచ్చినా ఈ కనీస బోనస్ ఇచ్చి తీరాలి. "ఈ ఏడు మార్కెట్ బాగాలేదు" అనే మాట ఇక్కడ చెల్లదు. లాభం బాగా ఉంటే ఆ లాభాల లెక్కను బట్టి 20 శాతం దాకా పోవాలి. ఆ పై లెక్కకు కంపెనీ జమాఖర్చులు కావాలి, యూనియన్ కావాలి. అది మరోసారి. ఇవాళ మనం మాట్లాడేది ఎవడూ తప్పించుకోవడానికి వీల్లేని కింది గీత గురించి.

ఈ ఎనిమిదీ మూడోవంతు ఎక్కడిది? వందను పన్నెండుతో భాగించండి. ఎనిమిదీ మూడోవంతు వస్తుంది. అంటే ఏడాది కూలిలో పన్నెండో వంతు. పన్నెండు నెలలు పనిచేస్తే ఒక నెల. అందుకే దీన్ని పదమూడో నెల కూలి అంటున్నాం. బడిలో ఐదో తరగతి పిల్లవాడికి వచ్చే లెక్క ఇది. మన పెద్దలకు రానివ్వలేదు, అంతే.

ఎవరికి వస్తుంది?

మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, మీరు పనిచేసేచోట ఎంతమంది ఉన్నారు? లెక్కల సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా, ఏ ఒక్కరోజైనా 20 మంది పనిచేసి ఉంటే చాలు. ఏడాదంతా 20 మంది ఉండనక్కరలేదు. ఒక్కరోజు చాలు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది. ఇక్కడే కొత్త కోడ్ మనల్ని దెబ్బ కొట్టింది. పాత చట్టంలో ఫ్యాక్టరీ చట్టం కిందకు వచ్చే ప్రతి ఫ్యాక్టరీకీ బోనస్ వర్తించేది. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉన్నా చాలేది. కోడ్‌లో అందరికీ ఒకే గీత గీశారు, ఇరవై. పది నుంచి పందొమ్మిది మంది ఉండే చిన్న ఫ్యాక్టరీల్లోని వాళ్ళు ఈ ఒక్క గీతతో బయటపడ్డారు. పెద్దోళ్ళు దీన్ని చట్టాలను సులువు చేయడం అంటున్నారు. ఎవరికి సులువు?

రెండోది, మీ జీతం. ఇది పైకి కనపడే మొత్తం జీతం కాదు, బేసిక్, డి.ఏ. కలిపిన జీతం. 2015లో పార్లమెంటు చేసిన సవరణ నెలకు 21,000 రూపాయల దాకా ఉన్నవాళ్ళను అర్హుల్ని చేసింది. కోడ్ అంకె రాయకుండా, ప్రభుత్వం నోటిఫికేషన్‌తో నిర్ణయిస్తుందని వదిలేసింది. చాలాచోట్ల సూపర్‌వైజర్లు "నీ జీతం 23,000, నీకు బోనస్ లేదు పో" అంటున్నారు. చీటీ చూపించమనండి. బేసిక్, డి.ఏ. కలిపి 15,000, ఇంటి అద్దె, ప్రయాణం ఖర్చు కలిపి 8,000 ఉందనుకోండి. చూడవలసింది 15,000. ఆ మనిషికి బోనస్ రావాలి.

మూడోది, ఆ సంవత్సరంలో కనీసం 30 రోజులు పనిచేసి ఉండాలి. ఆర్నెల్లు చేసి మానేసినా, ఆ ఆర్నెల్లకు రావలసింది రావాలి. మానేసినవాడికి బోనస్ లేదనేది మేస్త్రి చట్టం, దేశం చట్టం కాదు. ఆ 30 రోజుల్లో జీతంతో కూడిన సెలవు, జీతంతో ఇచ్చిన ప్రసూతి సెలవు, పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉన్న రోజులు, యజమానే పని లేదని లే-ఆఫ్ చేసిన రోజులు కూడా పనిచేసినట్టే లెక్క.

బోనస్ పూర్తిగా పోయే సందర్భాలు కొన్నే. మోసం, ఆవరణలో హింస, దొంగతనం లేక ఆస్తికి కావాలని నష్టం చేయడం వంటివాటికి పనిలోంచి తీసేసినా, లైంగిక వేధింపు కేసులో శిక్ష పడినా పోతుంది. ఎదురు మాట్లాడాడని, యూనియన్ మీటింగుకు పోయాడని, లేటుగా వచ్చాడని బోనస్ ఆపడానికి వీల్లేదు.

కొందరికి చట్టమే తలుపు మూసింది, అదీ చెప్పాలి. ప్రభుత్వ శాఖల కింద, మునిసిపాలిటీల కింద నడిచే సంస్థల ఉద్యోగులకు, విద్యాసంస్థల ఉద్యోగులకు, లాభం కోసం కాదని పెట్టిన ఆసుపత్రుల వాళ్ళకు ఈ అధ్యాయం వర్తించదు. ప్రైవేటు బడిలో పంతులు, ఆ బడి ఊడ్చే ఆయమ్మ ఇద్దరూ ఈ చట్టం బయటే. లక్షల ఫీజులు గుంజే కాలేజీ కూడా ఈ తలుపు వెనకే దాక్కుంటుంది. బళ్ళో పాఠం చెప్పే మాకు ఇది బాగా తెలుసు.

ఒక అక్క కవరు

ఇక అసలు సంగతి. 2025 దీపావళికి మా వాడ అక్క ఒకామె కవరు పట్టుకుని రాత్రి బడికి వచ్చింది. మందుసీసాలు అట్టపెట్టెల్లో సర్దే పని ఆమెది, కాంట్రాక్టర్ కింద. "సారూ, బోనసిచ్చారు. సంతకం పెట్టించుకున్నారు. ఎంతకు పెట్టానో నాకు తెల్వదు. కవర్లో 2,814 రూపాయలున్నయ్" అంది.

మర్నాడు ఆమెతోనే ఆ చీటీ నకలు అడిగించాం. ఇవ్వలేదు. ఫోనుతో ఫొటో తీసుకోవడానికి ఒప్పుకున్నారు, అదే వాళ్ళు చేసిన పొరపాటు. చీటీలో ఇలా ఉంది. నెలకు 7,000. పదకొండు నెలలకు 77,000. దానిపై 8.33 శాతం, 6,414. అందులోంచి దసరాకు ఇచ్చిన అడ్వాన్సు 3,000 తీసివేత. మిఠాయి, గిన్నె ఖర్చు 600 తీసివేత. మిగిలింది 2,814. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అందుకే చూసినవాడికి నిజమనిపిస్తుంది. దొంగతనం లెక్కలో లేదు, లెక్క మొదలుపెట్టిన అంకెలో ఉంది.

ఆ 7,000 ఎక్కడిది? ఆమె బేసిక్, డి.ఏ. కలిపి నెలకు 13,500. అంత పనిచేయించుకుని 7,000 మీద లెక్క కట్టడమేమిటి? దీనికి చట్టంలోనే ఒక సందు ఉంది. జీతం 7,000 దాటిన వాళ్ళకు బోనస్ లెక్క కోసం జీతం 7,000 అనుకోవాలని 2015 సవరణ చెప్పింది. అయితే ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. "7,000 లేదా ప్రభుత్వం ఆ పనికి నిర్ణయించిన కనీస వేతనం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది" అనేది దాని అర్థం. కాంట్రాక్టర్లు ఆ వాక్యంలో మొదటి సగం చదువుతారు. రెండో సగం మడిచి జేబులో పెట్టుకుంటారు. వేతనాల కోడ్‌లో కూడా ఈ వాక్యం ఇలాగే ఉంది, 7,000 అంకె బదులు ప్రభుత్వం నోటిఫై చేసే మొత్తం అని మాత్రం మారింది. "ఏది ఎక్కువైతే అది" అనే ముక్క పోలేదు. ఈ ముక్క కోసమే ఈ వ్యాసం మొత్తం.

ఆమె చేసే పనికి కనీస వేతనం ఎంతో మేం గెజిట్ కాయితం చూసి తెలుసుకున్నాం. ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ డి.ఏ. మారుతుంది కాబట్టి నిజానికి ఆర్నెల్లకో రేటు వస్తుంది. మీకు తేలికగా అర్థం కావడానికి ఇక్కడ ఏడాదంతా నెలకు 12,600 అని ఒకే రేటు పెడుతున్నాం. మీ పనికి, మీ జోన్‌కు ఎంతో మీరు గెజిట్‌లోనే చూసుకోవాలి, మా అంకె రాసుకుపోవద్దు.

13,500 జీతం 7,000 దాటింది. కాబట్టి 7,000, 12,600లో పెద్దది తీసుకోవాలి. అది 12,600. అత్తకు జబ్బు చేసి ఆమె ఒక నెల జీతం లేకుండా ఇంట్లో ఉంది, ఆ నెల తీసేశాం. పదకొండు నెలలకు 1,38,600. దానిపై 8.33 శాతం 11,545 రూపాయలు. చీటీలో 6,414 ఎక్కడ, 11,545 ఎక్కడ!

ఇక తీసివేతలు. దసరా అడ్వాన్సు 3,000 బోనస్‌లో భాగంగానే ఇచ్చామని అప్పుడే రాసి ఉంది, ఆమె డబ్బు తీసుకుంది. అది తీసుకోవచ్చు. న్యాయం న్యాయమే. ముందుగా ఇచ్చిన బోనస్ సొమ్మును, పండగ బోనస్‌ను తగ్గించుకునే హక్కు చట్టం యజమానికి ఇచ్చింది. మనం అబద్ధపు లెక్క కట్టొద్దు. ఒక్క అంకె మనం తప్పు చెబితే మిగతా నిజాలన్నీ కొట్టేస్తారు. కానీ మిఠాయి పొట్లం, గిన్నె బోనస్ కాదు. ఆమె అడగలేదు, కొనమనలేదు. బహుమతి అని ఫొటో తీయించుకుని, దాని ఖరీదు ఆమె కూలిలోంచే కోసుకున్నారు! అంటే ఆ ఫొటోలో దానం చేసింది సేఠ్ కాదు, మా అక్కే.

కాబట్టి 11,545లోంచి 3,000 తీస్తే 8,545. ఇచ్చింది 2,814. ఎగ్గొట్టింది 5,731. అక్కడ ఆమెలాంటివాళ్ళు ఆ కాంట్రాక్టర్ కింద 22 మంది. ఒక్కొక్కరికి అటూఇటూ అంతే వేసుకున్నా లక్షా పాతిక వేలు. ఒక్క కాంట్రాక్టర్, ఒక్క దీపావళి.

కాంట్రాక్టర్ చెప్పిన మూడు సాకులు

రాత్రి బడి నల్లబల్ల మీద ఈ లెక్క వేశాక ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత వాళ్ళే కాయితం రాయించి కాంట్రాక్టర్‌కు ఇచ్చారు. ఆయన మూడు సాకులు చెప్పాడు. ఇవే సాకులు మీకూ చెబుతారు కాబట్టి వివరంగా రాస్తున్నాం.

మొదటి సాకు: "నా దగ్గర 18 మందే, నాకు చట్టం వర్తించదు." దీపావళి నాటికి 18 మందే, నిజమే. కానీ జూన్, జూలైలో ఆర్డర్లు ఎక్కువై 26 మంది నిలబడ్డారు. హాజరు పట్టీ ఆయన దగ్గరుంది, చూపించడు. ఆడవాళ్ళు పి.ఎఫ్. వెబ్‌సైటు తెరిపించారు. అక్కడ సంస్థ పేరు కొట్టి చూస్తే ఏ నెల ఎంతమందికి పి.ఎఫ్. కట్టారో కనపడుతుంది. జూలైకి 26 అని ఉంది. ఒక్కరోజు చాలు అని పైన చెప్పింది ఇందుకే. ఇరవై దాటిన నెలలు ఏవో మీ నోట్‌బుక్కులో రాసిపెట్టుకోండి. పి.ఎఫ్. కట్టనిచోట ఆ నోట్‌బుక్కే మీకు సాక్ష్యం. రోజూ ఎంతమంది వచ్చారో తేదీ వేసి రాసే అలవాటు ఒకరికి ఉన్నా చాలు.

రెండో సాకు: "మాది కొత్త ఏజెన్సీ, అయిదేళ్ళ దాకా బోనస్ లేదు." కొత్తగా పెట్టిన సంస్థకు మొదటి అయిదేళ్ళు లాభం వచ్చిన ఏడాదికే బోనస్ ఇచ్చే వెసులుబాటు ఉన్న మాట నిజమే. అందుకని ఈ పెద్దమనుషులు మూడేళ్ళకోసారి బోర్డు మారుస్తారు. అన్న పేరు పోయి బావమరిది పేరు వస్తుంది. అదే షెడ్డు, అదే ఆటో, అదే మేస్త్రి, అదే మనం. చట్టం దీన్ని ముందే ఊహించింది. పేరు, యాజమాన్యం, చోటు, ఓనరు మారినంత మాత్రాన సంస్థ కొత్తది కాదని స్పష్టంగా రాసింది. పాత ఐడి కార్డు, పాత చీటీలు పారేయకండి. బోర్డు మారినప్పుడు అవే నోరు విప్పుతాయి.

మూడో సాకు: "సంతకం పెట్టారుగా, ఇక ఏమీ రాదు." అసలు సొమ్ము చెప్పకుండా పెట్టించిన సంతకం అది. చెప్పి పెట్టించినా చెల్లదు. బోనస్ హక్కు వదులుకుంటున్నామని ఎవరితో ఎలాంటి ఒప్పందం రాయించుకున్నా అది చెల్లని కాయితమేనని కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. వేలిముద్రలతో మన తాతల భూములు పోయాయి. ఈ వేలిముద్రతో మాత్రం బోనస్ పోదు.

ఇవి కాక, కంపెనీ మేనేజర్ ఒక మాటన్నాడు: "మీరు మా మనుషులు కాదు, కాంట్రాక్టర్ మనుషులు." మన చేతులు సర్దిన పెట్టెలు మాత్రం ఆయన మనుషులవి! కాంట్రాక్టర్ ఇవ్వకపోతే, పని ఎవరి సంస్థలో జరిగిందో ఆ సంస్థ యజమాని చెల్లించాలని కోడ్ 43వ సెక్షన్ చెబుతోంది. అందుకని అర్జీ రాసేటప్పుడు కాంట్రాక్టర్ పేరుతో ఆపకండి, కంపెనీ పేరు కూడా రాయండి, ఇద్దరికీ నకళ్ళు పంపండి.

ఎప్పుడు, ఎక్కడ, ఎలా అడగాలి?

దీపావళి అనేది ఆనవాయితీ. చట్టం గడువు వేరు. లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. అక్కడి నుంచి ఎనిమిది నెలల్లో, అంటే నవంబరు 30 లోపల, ఇచ్చెయ్యాలి. యజమాని తగిన కారణం చూపి ప్రభుత్వం నుంచి గడువు పెంచుకుంటే తప్ప ఆ తేదీ దాటకూడదు. కోడ్ ప్రకారం సొమ్ము బ్యాంకు ఖాతాలో పడాలి. కవర్లో చేతికివ్వడం వాళ్ళకు సౌకర్యం, మనకు నష్టం. ఖాతాలో పడ్డ అంకెను ఎవడూ మార్చలేడు.

నవంబరు 30 దాటాక లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి. కోడ్ 45వ సెక్షన్ కింద నియమించిన అధికారి ముందు కార్మికుడే అడగవచ్చు, లేదా అతను సభ్యుడిగా ఉన్న రిజిస్టరయిన యూనియన్ అడగవచ్చు. మూడేళ్ళ గడువుంది. పాత చట్టం కింద ఏడాదే ఉండేది, ఇక్కడ కొంత మేలు జరిగింది. ఎగ్గొట్టిన సొమ్ముతోబాటు దానికి పదింతల దాకా నష్టపరిహారం ఇప్పించే అధికారం కూడా ఆ అధికారికి ఉంది. తక్కువ ఇచ్చిన యజమానికి మొదటిసారి 50,000 దాకా జరిమానా, అయిదేళ్ళలోపు మళ్ళీ అదే తప్పు చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అన్నిటికన్నా పెద్ద మాట 59వ సెక్షన్‌లో ఉంది. బోనస్ ఇవ్వలేదని, తక్కువిచ్చారని మనం అడిగితే, ఇచ్చామని రుజువు చేసుకోవలసింది యజమానే. మన దగ్గర కాయితం లేదని భయపడొద్దు. కాయితాలు ఉండవలసింది ఆయన దగ్గర.

అర్జీలో వర్ణనలు వద్దు. పేరు, పని, కాంట్రాక్టర్, కంపెనీ, పనిచేసిన నెలలు, బేసిక్, డి.ఏ., ఆ పనికి కనీస వేతనం, రావలసింది, వచ్చింది, తేడా. ఈ ముక్కలు ఒక పేజీలో పడితే చాలు. అందజేసినట్టు నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ గాలికి చెప్పిన మాట.

చీటీల్లో ఇంకో మాయ ఉంది, అదీ కనిపెట్టండి. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచడం. మొత్తం 16,000 ఇస్తూ బేసిక్ 5,500 అని, మిగతా 10,500 రకరకాల అలవెన్సులని రాస్తారు. కోడ్ దీనికి ఒక ముకుతాడు వేసింది. జీతం కిందకు రాని అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినదంతా జీతంలోనే కలపాలి. 16,000లో సగం 8,000. అలవెన్సులు 10,500 కాబట్టి దాటిన 2,500ను 5,500కు కలిపితే జీతం 8,000 అవుతుంది. అప్పుడు 7,000 దాటింది, మళ్ళీ "ఏది ఎక్కువైతే అది" అనే వాక్యం దగ్గరకే వస్తాం. అసలు బేసిక్, డి.ఏ. కలిపి కనీస వేతనానికి తక్కువ రాసినచోట, బోనస్ కన్నా ముందు కనీస వేతనం అర్జీయే పెట్టాలి.

ఏమైంది?

మా అక్కావాళ్ళ సంగతి చెప్పి ముగిస్తాం. డిసెంబరు మొదట్లో లేబర్ ఆఫీసులో అర్జీ పడింది, కంపెనీకి కూడా నకలు పోయింది. కాంట్రాక్టర్‌ను పిలిపించారు. ఇద్దరు ఆడవాళ్ళను పనిలోకి రావొద్దన్నాడు. మిగతావాళ్ళు ఆ రోజు గేటు దగ్గరే కూర్చున్నారు, లోపలికి పోలేదు. మధ్యాహ్నానికి ఆ ఇద్దర్నీ పిలిచారు. నెలాఖరుకు 22 మందిలో 14 మందికి తేడా సొమ్ము ఖాతాల్లో పడింది. మిగిలిన 8 మంది ఏడాది మధ్యలో మానేసినవాళ్ళు. "వాళ్ళతో మీకేం పని?" అని కాంట్రాక్టర్ అడిగాడట. "వాళ్ళూ మాతోనే నిలబడి సర్దారు గదా" అని ఆడవాళ్ళు అన్నారట. ఆ 8 మంది అర్జీ ఇంకా నడుస్తోంది. సొమ్ము ముట్టిన 14 మందే వాళ్ళ వాయిదాలకు తోడుపోతున్నారు.

అడగవలసినవి పైనా ఉన్నాయి. 21,000 అనే గీత 2014 ఏప్రిల్ నుంచి వర్తించేలా పెట్టింది. అప్పటి బియ్యం ధరకు, ఇప్పటి బియ్యం ధరకు ఎంత తేడా ఉందో ఆ గీత గీసినవాళ్ళ ఇంట్లో వంట చేసే మన అక్కనే అడగమనండి. 7,000 అనే అంకె అసలెందుకుండాలి? చేసిన పనికి ఎంత జీతమో దానిమీదే బోనస్ ఎందుకివ్వరు? పదిమంది ఫ్యాక్టరీని చట్టం బయటికి ఎందుకు నెట్టారు? ఈ ప్రశ్నలు ఢిల్లీకి, రాష్ట్ర ప్రభుత్వాలకు వెయ్యాలి.

ఢిల్లీ జవాబు చెప్పేలోగా మీ జేబులో ఉన్న చీటీ తీయండి. నెలకు ఎంత మీద లెక్క కట్టారో చూడండి. అక్కడ 7,000 అని ఉంటే, మిగతా సగం వాక్యం ఎవడి జేబులో ఉందో మీకు తెలుసు.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. కూలివాడి పని గంటలు, కూలి, సెలవు అనేవి యజమాని మంచితనానికి వదిలే సంగతులు కావని, చట్టంలో రాయవలసినవని ఆ కాలంలో పనిచేసి చూపించారు. రాసి పెట్టిన దాన్ని చదివి, లెక్క కట్టి, అడిగి తెచ్చుకోవలసింది మనం. ఈసారి కవరు ఇచ్చినప్పుడు దణ్ణం పెట్టకండి. చీటీ అడగండి.

జై భీమ్!